మీ గురించి చెప్పండి అన్నప్పుడు

నా మొదటి ఇంటర్వ్యూ కాకినాడలో జరిగింది. నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. బల్లకు అవతల కూర్చున్న పెద్దాయన "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నారు. ఆ జవాబు నాకు కంఠతా వచ్చు. పేరు, తండ్రి పేరు, పెద్దాపురం వాస్తవ్యులం, పదో తరగతి, ఇంటరు, బి.కాం., టైపు హయ్యరు అన్నీ ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. నేను ఒక్కో ముక్క చెబుతుంటే ఆయన నా బయోడేటా మీద పెన్సిలు మొన ఆనించి ఒక్కో లైనూ కిందికి దిగుతూ వచ్చారు. చివరికి, "అన్నీ సరిపోయాయమ్మా" అని కాగితం పక్కన పెట్టేశారు.

తప్పు చెప్పలేదు కదా, మరి ఎందుకు పంపించేశారో తెలియలేదు. తిరుగు బస్సులో కూర్చోబుద్ధి కాలేదు. సీటు ఖాళీ ఉన్నా సామర్లకోట దాకా నిలబడే వచ్చాను.

మా ఎదురింట్లో ఒక అక్కయ్య ఉండేవారు. దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో స్టెనోగా చేసేవారు. ఉద్యోగాలకి మనుషుల్ని చూసే రోజున ఆవిడే వాళ్ళ కాగితాలు లోపలికి అందించి, ఆఫీసరు చెప్పింది రాసుకుంటూ అదే గదిలో కూర్చునేవారు. ఎంతమంది కుర్రాళ్ళు ఎన్ని రకాలుగా తడబడ్డారో ఆవిడకి తెలుసు. రాజమండ్రిలో నీళ్ళ మోటార్లు తయారుచేసే కంపెనీ నుంచి నాకు టైపిస్టు ఉద్యోగానికి పిలుపు రాగానే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. కాకినాడలో చెప్పింది మళ్ళీ మొత్తం వినిపించాను.

"అదంతా కాగితంలో ఉంది కదే. వాళ్ళకి చదవడం రాదనుకున్నావా?" అన్నారు అక్కయ్య. "ఈ పిల్ల మన దగ్గర ఏం పనికొస్తుంది, నోరు విప్పితే ఎలా ఉంటుంది అని చూడ్డానికి అడుగుతారు ఆ ప్రశ్న. ఇప్పుడేం చేస్తున్నావో ఒక మాట. నీ చేతుల మీదుగా జరిగిన పని ఒక్కటి. వాళ్ళ ఉద్యోగమే ఎందుకు కావాలో ఒక మాట. రెండు నిమిషాలు దాటకూడదు. అక్కడ ఆపెయ్. మిగతాది వాళ్ళే అడుగుతారు."

నేనేమీ చెయ్యలేదు, పరీక్షలు రాయడం తప్ప అన్నాను.

"రోజంతా మీ నాన్నగారి కొట్లో కూర్చుని ఏం చేస్తున్నావు మరి?"

మాది నీళ్ళ మోటార్ల సామాన్ల కొట్టు. చదువైపోయాక రెండేళ్ళుగా పగలంతా అందులోనే ఉంటున్నాను. అదొక పని అని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ వారమంతా ఒకచోట నిలవలేకపోయాను. కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగేదాన్ని. అక్కయ్య చెప్పిన మూడు మాటలకీ ఇంగ్లీషు వాక్యాలు రాసుకుని బట్టీపట్టి వినిపిస్తే, ఆవిడ మధ్యలోనే ఆపేశారు. ఇదీ అప్పజెప్పడమే, సరుకు మారింది గాని పద్ధతి మారలేదు అన్నారు. ఆ కాగితం చించేశాను.

నాన్నగారు నాతో రాజమండ్రి వచ్చారు. కంపెనీ గేటు బయట టీ దుకాణం దగ్గర కూర్చున్నారు. లోపల వరండాలో పదకొండుమందిమి ఉన్నాం. నా పక్కన కూర్చున్న అమ్మాయి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. వింటే నా పాతపాఠమే: పేరు, తండ్రి పేరు, ఊరు. నేను లేచి వరండా ఆ చివరికీ ఈ చివరికీ నడవడం మొదలుపెట్టాను. ప్యూను రెండుసార్లు కూర్చోమన్నాడు.

లోపల ఇద్దరున్నారు. ఒకాయన మేనేజరు. రెండో ఆయన మోటార్లు రిపేరు చేయించే ఇంజనీరని తర్వాత తెలిసింది. మేనేజరు అదే ప్రశ్న అడిగారు. నా నోరు దానంతట అదే తెరుచుకుని "మై నేమ్ ఈజ్" అంది. ఆయన చేతిలో నా బయోడేటా కనిపించింది. అక్కడ ఆగిపోయాను.

"అది మీ చేతిలో ఉందండి. అందులో లేనిది చెప్పొచ్చాండీ? తెలుగులో?"

చెప్పమన్నారు.

మా నాన్నగారి కొట్లో రెండేళ్ళుగా పనిచేస్తున్నానని, మోటారు చెడిపోయి వచ్చే రైతులతో మాట్లాడేది ఎక్కువగా నేనేనని చెప్పాను. మెట్ట మీద నుంచి వచ్చిన ఒక రైతు సంగతి చెప్పాను. ఆయన బావిలోని గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు పోయిందని కొత్తది కొనుక్కెళ్ళాడు. వారానికి వచ్చి అది కూడా పాడైందని ఇంకోటి ఇమ్మన్నాడు. నాన్నగారు తీసి ఇచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. వాల్వు తియ్యకుండా, అసలేం జరుగుతోందో మొదట్నుంచీ చెప్పమన్నాను.

అంతవరకూ కిటికీలోంచి బయటికి చూస్తున్న ఇంజనీరు ఇటు తిరిగారు. "ఏం అడిగారు?"

"మోటారు వెయ్యకముందు గొట్టంలో నీళ్ళు పోస్తే నిలుస్తున్నాయా అని అడిగానండి. నిలుస్తున్నాయన్నాడు. మోటారు వేశాక కాసేపు ధార వచ్చి తెగిపోతోందన్నాడు. నీళ్ళు నిలిస్తే వాల్వు బాగున్నట్టే కదండీ. ఎక్కడో గాలి లాగుతోందనిపించింది. పీల్చే గొట్టం అతుకు దగ్గర రబ్బరు ప్యాకింగు మార్చి, బోల్టులు బిగించి చూడమన్నాను."

"బాగయిందా?"

"అయిందండి. చెప్పడానికి మళ్ళీ వచ్చాడు. అప్పట్నుంచీ ఎవరొచ్చినా ముందు అడిగి, తర్వాతే సామాను తీస్తున్నాను. మీ మోటార్లు వాడేవాళ్ళు ఉత్తరాలు రాస్తారు కదా, అవి టైపు చేసేటప్పుడు నాకు అర్థమవుతాయండి. అందుకే ఈ ఉద్యోగానికి పెట్టుకున్నాను."

అక్కడ ఆపేశాను. ఇంకేదో కలపాలని నాలుక దురదపెట్టింది. మేనేజరు మాత్రం తొందరపడలేదు. నీళ్ళు నిలవకపోతే ఏం చెప్పేదాన్నని ఇంజనీరు అడిగారు. అప్పుడు వాల్వే చూడమని చెప్పేదాన్నండి, అందులో చెత్త ఇరుక్కుందేమో కూడా చూడమంటాను అన్నాను. టైపు పరీక్షలో రెండు తప్పులు కొట్టాను.

బయటికి రాగానే నాన్నగారు ఏమడిగారని ఆత్రంగా లేచారు. బస్సులో అంతా చెప్పేశాను. రెండో వాల్వు ఆయన రైతుని ఏమీ అడక్కుండా ఇచ్చేశారన్న ముక్క నోట్లోంచి వచ్చాకగాని, అది ఆయన్ని తప్పుపట్టడమేనని నాకు తట్టలేదు. ఆయన కిటికీ వైపు తిరిగారు. మర్నాడు కొట్లో కూడా అవసరమైతేనే మాట్లాడారు.

ఇరవై రోజులకి ఉత్తరం వచ్చింది. టైపిస్టు ఉద్యోగం వేరే అమ్మాయికి ఇచ్చారు. నన్ను ఫిర్యాదుల విభాగంలో ఆరునెలల ప్రొబేషను మీద చేరమన్నారు. నాన్నగారు ఉత్తరం చదివి మడిచి నా చేతికిచ్చారు.

"నా పొరపాటు నలుగురిలో చెబితే ఉద్యోగం వచ్చిందన్నమాట."

"మీ పొరపాటని చెప్పలేదు నాన్నగారూ. నేనేం చేశానో చెప్పానంతే."

"రెండూ విడదీసి ఎలా చెబుతావమ్మా? నీ గురించి చెప్పాలంటే ఇంట్లోవాళ్ళు రాకుండా ఉంటారా?"

గొంతులో కోపం లేదు. అలాగని నవ్వూ లేదు. ఈలోగా ఎవరో బేరింగు కోసం వచ్చారు, ఆయన అటు వెళ్ళిపోయారు.

సోమవారం ఉద్యోగంలో చేరాను. ఇంజనీరుగారు నా ముందు మోటార్లు కొన్నవాళ్ళు రాసిన ఫిర్యాదు కార్డులు ఓ కట్ట పెట్టి, రాసినవాళ్ళని ఏం అడగాలో ఒక్కోదాని మీద రాయమన్నారు. మొదటి కార్డు మూడుసార్లు చదివాను. అక్షరాలు కనిపిస్తున్నాయి గాని మనసు నాన్నగారి మాట దగ్గరే తచ్చాడుతోంది. నాలుగోసారి చదివి కలం తీశాను.