తలపాగా కబురు

పిడుగురాళ్లలో మా సున్నం బట్టీ గేటు ఎదురుగా సబీహా టీ కొట్టు. నాలుగు రేకులు, ఒక బల్ల, గ్యాసు పొయ్యి. పొద్దున మేం లోడింగుకి దిగకముందే ఆ పొయ్యి వెలుగుద్ది. మొగుడు లారీ మీద పోయి తిరిగి రాలేదు. ఎక్కడున్నాడో ఎవురికీ తెలవదు. ఆమె దాని గురించి మాట్లాడదు, మేం అడగం.

సబీహా ఇంట్లో మాట్లాడుకునేది మన గుంటూరు తురకం. బట్టీలో పనికొచ్చిన బీహారోళ్ళు మొదట్లో ఆ మాటలకి నవ్వేవాళ్ళంట. ఈమె ఊరుకోలేదు. గ్లాసు ఇచ్చేటప్పుడల్లా "ఇది మీ ఊళ్ళో ఎట్టా అంటారు?" అని అడిగి అడిగి వాళ్ళ మాట పట్టేసింది. చదవటం మాత్రం రాదు. నాకూ అంతంతే, నాలుగో తరగతితో బడి మానేసినోణ్ణి. తెలుగైతే కూడబలుక్కుంటా చదువుతా.

మొన్న కార్తీకంలో బీహారోళ్ళంతా వాళ్ళ పండక్కి రైలెక్కారు. సుఖదేవ్ ఒక్కడు ఆగిపోయాడు. పండగ రోజున బట్టీ పైన రాయి పోస్తా ఉంటే గుట్ట జారింది. కింద పడ్డాడు. తలకి చుట్టుకున్న మందపు తువ్వాలు నెత్తురైపోయింది. నేనూ మా మేస్త్రీ చెన్నకేశవులూ ఆటోలో ఏసుకుని పక్కనే ఉన్న ఆసుపత్రికి తీసకపోయాం. ఫోటోలు తీశారు. పుర్రెకేం కాలేదు, తువ్వాలు కాపాడింది, కుట్లేశాం, సూది మందుకి సాయంత్రం దాకా నిద్రపోతాడు అన్నారు. వాడి ఫోను నుజ్జయిపోయింది.

మేస్త్రీకి సామెత లేకపోతే మాట రాదు. కూలి లేటైనా సామెతే, వాన పడినా సామెతే. సుఖదేవ్ పెళ్ళాం నెంబరు ఆయన దగ్గరుంది. తెలుగులో కొడితే హిందీ చేసే యాప్ ఉందిగా, అందులో కొట్టి పంపాడు. వాడికి బట్టలు తీసకపోదామని మేం కొట్టు దగ్గరికి వచ్చేసరికి జవాబొచ్చింది. దాన్ని యాప్‌లో తెలుగు చేశాడు. ఆయన మొకం తెల్లబడిపోయింది.

"ఒరేయ్ ఎలీషా, ఇదేందిరా? నా కాలేయం నోటికి వచ్చింది, అంటది ఆ పిల్ల!"

లోపలిది నోట్లోకి రావటం ఏంది? మందు తాగిందేమో. మా ఇంటి పక్కన పత్తి మందు తాగిన ఆమె చివర్లో ఎట్టా కక్కుకుందో నేను చూశా.

"పురుగుల మందు తాగిందన్నా," అన్నా.

సబీహా పాలు పొంగుతుంటే వదిలేసి వచ్చింది. "ఇటివ్వు ఫోను. తెలుగు కాదు, ఆ పిల్ల పంపింది వినిపించు."

మేస్త్రీ స్పీకరు బొమ్మ నొక్కాడు. ఫోను హిందీలో చదివింది.

"కలేజా ముఁహ్ కో ఆ గయా," అని సబీహా మళ్ళీ పలికింది. ఊపిరి పీల్చుకుంది. "తాగలేదు, ఏం లేదు. హడలిపోయినోళ్ళు అట్టా అంటారు. మనం ఏమంటాం?"

"పై ప్రాణాలు పైనే పోయినయ్ అంటాం," అన్నా నేను.

"అదీ. దాన్నీ ఈ యాప్‌లో ఉన్నదున్నట్టు పంపితే చచ్చిందనుకుంటారు. సరే, ఇంతకీ అంత హడలే మాట ఏం పంపావు కేశవులన్నా?"

"మంచి మాటేనమ్మా. సుఖదేవ్‌కి దెబ్బ తగిలింది, తలకొచ్చింది తలపాగాతో పోయింది, దిగులు పడబాకండి అని."

"అది హిందీలో వినిపించు."

ఫోను చదివింది. సబీహా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమందమ్మా?"

"సుఖదేవ్‌కి దెబ్బ తగిలింది. తల వచ్చింది, తలపాగాతో పాటు వెళ్ళిపోయింది, చింతించవద్దు. ఇదీ నువ్వు పంపిన కబురు."

మేస్త్రీ బల్ల మీద కూలబడ్డాడు. "గండం తప్పిందని కదమ్మా నేను చెప్పింది!"

"ఆ సంగతి మనకి తెలుసు. ఆ సామెత చిన్నప్పట్నించీ వినలేదుగా ఆ పిల్ల. దానికి మాటలే చేరినయ్, అర్థం ఇక్కడే ఉండిపోయింది."

నెంబరు కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. ఎత్తలేదు. ఆ పండక్కి ఆడోళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపాసం ఉంటారని సుఖదేవ్ చెప్పేవాడు. ఎండు నోటితో ఆ పిల్ల ఈ కబురు చదివి ఉంటది.

"జాన్ బచీ తో లాఖోఁ పాయే అంటారుగా వాళ్ళు? ప్రాణం దక్కితే లక్షలు దక్కినట్టే అని. అది పెట్టమ్మా," అన్నాడు మేస్త్రీ. సుఖదేవ్ దగ్గరే నేర్చుకున్నాడు ఆ మాట.

"ఆ సామెత నీ సామెతకి సరిపోద్ది. ఇప్పుడు వద్దు. అది బయటపడ్డాక నవ్వుకుంటా అనే మాట. ఏడుస్తున్న పిల్లకి లక్షలంటే నష్టపరిహారం అనుకుంటది."

"బతికే ఉన్నాడని పెట్టు పోనీ," అన్నా.

"బతికే ఉన్నాడంటే నువ్వేమనుకుంటావు ఎలీషన్నా? కొనఊపిరితో ఉన్నాడనుకోవూ?"

నిజమే.

సబీహా ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గొంతే రికార్డయి పోయేట్టు, హిందీలో నిదానంగా మాట్లాడింది. మాకు తెలిసేట్టు మళ్ళీ తెలుగులో చెప్పింది: "అమ్మా, మీ ఆయన బాగున్నాడు. రాయి తగిలింది. కుట్లేశారు. నిద్రపోతున్నాడు. లేవగానే నీతో మాట్లాడతాడు. ఇందాక పంపింది తప్పు కబురు." చివర్లో ఒక ముక్క కలిపింది, బాల్ బాల్ బచ్ గయే అని.

"అదేంది, వెంట్రుక వెంట్రుకా?" అన్నాడు మేస్త్రీ.

"వెంట్రుకవాసిలో తప్పిందని మనం అనమా? ఇది మాత్రం రెండు చోట్లా చెల్లుద్ది. చెల్లేదే పంపాలన్నా. చెల్లకపోతే సామెత జేబులో పెట్టుకుని జరిగింది చెప్పాలి."

కబురు పోయింది గానీ ఆ పిల్ల ఇంకా వినలేదు. పొయ్యి మీద పాలు మాడిన వాసన. లారీవోళ్ళు టీ అడిగితే లేదు పొమ్మంది.

అప్పుడు ఫోను మోగింది. అవతల ఆడోళ్ళ ఏడుపులు, ఒకళ్ళ మీద ఒకళ్ళు. ఎవురో ముసలామె కేకలేస్తా ఉంది. సబీహా విని మా వైపు తిరిగింది, కళ్ళు పెద్దవి చేసి.

"గాజులు పగలగొడతామని కూర్చోబెట్టారంట. నా మాట నమ్మట్లా. అబద్ధం చెప్పి ఓదారుస్తున్నానంటున్నారు. అతను మాట్లాడితేనే అంట!"

ఫోను పెట్టకుండానే పరిగెత్తాం. ఆ దుమ్ములో ముందు సబీహా, వెనక మేస్త్రీ, నేను. ఎంత పరిగెత్తినా ఆసుపత్రి దగ్గరవ్వట్లా. "రుకో అమ్మా, రుకో," ఆగమని ఆమె ఫోనుకి చెప్తానే ఉంది. సూది మందు వదలకపోతే? వాడు లేవకపోతే? అవతల గాజుల మీద రాయి పడితే?

నర్సమ్మ అడ్డం వచ్చింది. మేస్త్రీ ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఈసారి ఒక్క సామెత రాలేదు ఆయన నోట్లోంచి. "వాడి పెళ్ళాం గాజులు తీస్తున్నారమ్మా, లేపనీ," అన్నాడంతే.

సబీహా ఫోను సుఖదేవ్ చెవి దగ్గర పెట్టి చెంప తట్టింది. లేవలా. మళ్ళీ తట్టింది. పెదాలు కదిలినయ్. ఏదో గొణిగాడు, విసుక్కుంటున్నట్టు.

అవతల ఏడుపు ఆగిపోయింది.

తర్వాత ఆ పిల్ల గొంతు వచ్చింది, వాణ్ణి తిడతా ఉంది. తిట్టే కొద్దీ చేతులు ఊపుతుందేమో, గాజులు గలగలమంటున్నయ్ ఫోనులో. అన్నీ ఉన్నయ్.

"ఏమన్నాడమ్మా వాడు?" మేస్త్రీ అడిగాడు.

"నిద్ర పోనీవే, అన్నాడు." సబీహా గోడకి జారగిలబడింది. "ఆ మాట యాప్‌లో ఎట్టా పంపినా సరిపోద్దిలే కేశవులన్నా."