ఆటో వెనక రాసిన రెండు ముక్కలు

తొంభైల్లో సూర్యాపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. ల్యాబు పెట్టిన డాక్టరు గుంటూరు వైపు మనిషి. మేమంతా సారు అనే పిలిచేవాళ్ళం. పల్లెల నుంచి షుగర్ పరీక్షకు వచ్చే ముసలివాళ్ళు పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కేవాళ్ళు. ఆ బస్సు ఆలస్యమైతే మా మెట్ల దగ్గరికి వచ్చేసరికే కళ్ళు తిరిగి కూర్చుండిపోయేవాళ్ళు. అది చూసీ చూసీ సారు ఒకరోజు, మనమే ఇళ్ళకు వెళ్ళి రక్తం తెద్దాం అన్నారు. అప్పటికి మా వైపు ఎవరూ అలా చేయడం లేదు.

చేస్తున్నామని జనానికి తెలియాలి కదా. గోడల మీద రాయిద్దామంటే సినిమా పోస్టర్లు ఒక్క రోజు కూడా గోడను ఖాళీగా ఉంచవు. అందుకే ఆటోల వెనక రాయించాలనుకున్నాం. మా ల్యాబుకు రోజూ తిరిగే ఆటో ఒకటి ఉండేది. దాని డ్రైవరు నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నేను అన్నా అనే పిలిచేదాన్ని. ముందుగా అతని ఆటో మీదే మొదలుపెట్టాం.

సారు కాగితం మీద రాసిచ్చిన వాక్యం బాగానే ఉంది: "పరీక్షలకు కావలసిన రక్త నమూనాను మీ ఇంటికే వచ్చి సేకరిస్తాము." బోర్డులు రాసే పెయింటరు దాన్ని చదివి తల అడ్డంగా ఊపాడు.

"గింత పొడుగు పట్టదు సార్. నంబరు ప్లేటు పోను మిగిలేది గింతే జాగ. ఎన్కొచ్చే బండోడు సదవాల్నంటే అక్షరాలు పెద్దగుండాలె. రెండే రెండు ముక్కలు చెప్పుండ్రి."

అందరం కలిసి కత్తిరించడం మొదలుపెట్టాం. నమూనా పోయింది, పరీక్షలు పోయాయి, సేకరణ పోయింది. చివరికి మిగిలింది ఇది: "మీ ఇంటికే వస్తాం. రక్తం తీస్తాం." కింద చిన్న అక్షరాల్లో ల్యాబు పేరు, ఫోన్ నంబరు. తెల్ల రంగు మీద ఎర్ర అక్షరాలైతే దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనబడతాయని పెయింటరు ఎర్ర రంగే వేశాడు. ఎండలో ఆరబెట్టిన ఆటో చుట్టూ నిలబడి చూసి అందరం బాగుందనుకున్నాం. డ్రైవరన్నకు చదువు రాదు. అతనికి మేమే చదివి వినిపించాం.

టౌన్లో అది బాగా పనిచేసింది. అందరికీ ల్యాబు తెలుసు, ఆటో తెలుసు. ఆటో వెనక చూశామంటూ ఫోన్లు వచ్చాయి. మిర్యాలగూడలో, కోదాడలో కూడా శాఖలు పెడదామని సారు ఉత్సాహంగా మాట్లాడేవారు.

వానాకాలంలో ఒక పొద్దున తిరుమలగిరి దారిలో ఉన్న ఒక ఊరి నుంచి కబురొచ్చింది. ఒక ముసలమ్మకు షుగర్ పరీక్ష చేయాలి, ఆమె నడవలేదు. ఐసు వేసిన డబ్బా, సూదులు, సీసాలు సర్దుకుని బయల్దేరాను. ముందు రాత్రి వాన పడి రోడ్డంతా బురద. ఆ బురద ఆటో వెనక కింది సగమంతా చిమ్మి, ల్యాబు పేరూ ఫోన్ నంబరూ పూర్తిగా కప్పేసింది. అది మేమెవరమూ చూడలేదు. వెళ్ళేటప్పుడు ఆటో వెనక వైపు చూసే పని మాకేముంటుంది?

ముసలమ్మ ఇల్లు ఊరి మధ్య వీధిలో ఉంది. పరగడుపున ఒకసారి రక్తం తీసి సీసాలో పోశాను. షుగర్ పరీక్షకు తీసే సీసాలో కొంచెం పొడి మందు ఉంటుంది. అది లేకపోతే ల్యాబుకు చేరేలోపే రక్తంలో చక్కెర తగ్గిపోయి లెక్క తప్పొస్తుంది. మూత పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పి ఐసులో పెట్టాను. ఇక ఆమె అన్నం తిన్నాక రెండు గంటలాగి మళ్ళీ తీయాలి. అంతదాకా ఆటో ఇంటి ముందే ఆగింది. డ్రైవరన్న అరుగు మీద కునుకు తీశాడు. ముసలమ్మ కోడలు నాకు చాయ్ పెట్టిచ్చింది.

ఆ రెండు గంటల్లో బయట ఏం జరిగిందో నాకు తర్వాతే తెలిసింది.

ఎదురింటాయన రోడ్డు పనులు చేయించే కాంట్రాక్టరు. అంతకు ముందు ఏడాది అతని ఇంటి గోడ మీదే నక్సలైట్లు ఎర్ర అక్షరాలతో హెచ్చరిక రాసి పోయారట. ఆ రోజు నుంచి అతను ఆ ఇంట్లో నిద్రపోలేదు. సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉంటూ, పొలం చూసుకోవడానికి పగటి పూట మాత్రం వచ్చి పోతున్నాడు. ఆ పొద్దున స్కూటరు మీద వీధి మలుపు తిరిగేసరికి తన వాకిలి ముందు ఎవరిదో తెలియని ఆటో నిలబడి ఉంది. వెనక ఎర్ర అక్షరాలు. "మీ ఇంటికే వస్తాం. రక్తం తీస్తాం." కింద పేరు లేదు. బురద.

స్కూటరు అక్కడే పడేసి, వెనక్కి తిరిగి, పొలాలకు అడ్డం పడి పరుగెత్తాడు.

నేను ముసలమ్మ చేతికి రబ్బరు పట్టీ కట్టి రెండోసారి సూది గుచ్చాను. రక్తం సిరంజిలోకి వస్తోంది. అప్పుడు వాకిట్లో ఏదో పడిన చప్పుడైంది. డ్రైవరన్న గొంతు సగంలో ఆగిపోయింది. తలెత్తేసరికి గుమ్మంలో ముగ్గురు మనుషులు, మామూలు బట్టల్లోనే ఉన్నారు. ముందున్న మనిషి చేతిలోని తుపాకి నావైపే ఉంది.

"చేతులు పైకెత్తు" అన్నాడు.

నా చేతిలో సిరంజి ఉంది. సూది ముసలమ్మ నరంలో ఉంది. చేతులెత్తితే నరం చీరుకుపోతుంది. ఎత్తకపోతే ఏమవుతుందో ఆలోచించే శక్తి నాకు లేదు. వీళ్ళెవరో, పోలీసులో కాదో కూడా తెలియదు.

మాట్లాడింది ముసలమ్మ. ఆమెకు చూపు సరిగా ఆనదు.

"ఎవరయ్యా గది? జరంత ఆగుండ్రి. సూది నా సేతిలున్నది. పిల్ల దాన్ని తీసినంక ఏమన్న మాట్లాడుకోండ్రి."

ఆ మనిషి నా చేతి వైపు, డబ్బా వైపు, కింద పెట్టిన దూది వైపు చూశాడు. తుపాకి కొంచెం కిందికి దించాడు. నేను పట్టీ విప్పి, దూది అదిమిపెట్టి సూది తీశాను. రక్తం సీసాలో పోసి మూత పెట్టాను. దాన్నీ అటూ ఇటూ తిప్పి ఐసులో పెట్టాను.

వాళ్ళు పోలీసులే. కాంట్రాక్టరు పరుగెత్తి వెళ్ళి చెబితే, జీపు ఊరి బయట ఆపి నడిచి వచ్చారు. ముందున్నాయన ఎస్సై. వాకిట్లోకి వెళ్ళి చూస్తే డ్రైవరన్న బోర్లా పడి ఉన్నాడు. పెదవి చిట్లి గడ్డం దాకా రక్తం కారింది. వాళ్ళు అడిగింది ఒకటే, నీ బండి మీద ఇది ఎవరు రాయించారని. అతను చెప్పబోయేలోపే కొట్టారు.

ఎస్సై ఒక కానిస్టేబులు చేత బిందెడు నీళ్ళు ఆటో వెనక పోయించాడు. బురద జారింది. ల్యాబు పేరు, ఫోన్ నంబరు కనబడ్డాయి. వీధిలో అందరూ చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆ రోజు ఆ వీధిలో ఒక్కరికి కూడా నవ్వు రాలేదు.

అయినా మమ్మల్ని స్టేషనుకు తీసుకెళ్ళారు. నన్ను ఇంటికి పొమ్మన్నారు గానీ, డ్రైవరన్నను ఒక్కణ్ణి వదిలి నేను పోనన్నాను. సారు వచ్చేదాకా బెంచీ మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. నా దగ్గర మిగిలిన దూదితో అతని పెదవి తుడిచాను.

"చెల్లె, అండ్ల ఏం రాసిన్రు?" అని మెల్లగా అడిగాడు. "మీరు సదివినప్పుడు మంచిగనే ఇనబడ్డది."

నేను ఆ రెండు వాక్యాలను అతని ముందు మళ్ళీ పలికాను. ఆ స్టేషనులో, ఆ బెంచీ మీద, నా నోటి నుంచే విన్నప్పుడు అవి బెదిరింపులా వినబడ్డాయి. అవి ఎంతోమంది చదివిన మాటలు, ఫోన్లు తెప్పించిన మాటలు. రోజూ ఆ మాటలకు వీపు ఆనించి కూర్చుని ఊరంతా తిరిగాను.

కాంట్రాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. తెల్ల బట్టలకు మోకాళ్ళ దాకా బురద. ఎవరో చాయ్ ఇస్తే గ్లాసు పట్టుకోలేక బల్ల మీద పెట్టేశాడు. నా వైపు చూసి అన్నాడు:

"నీ తప్పేం లేదమ్మా. మీది దవాఖాన పని. నాకే ఎర్ర అక్షరాలు కండ్లవడితే పానం పోతది."

సారు వచ్చి ఎస్సైతో మాట్లాడారు. రాసిచ్చింది నేనే, డ్రైవరును ఎందుకు కొట్టారని గట్టిగానే అడిగారు. ఎస్సై ఆ రాతలు ఇప్పుడే చెరిపేయమన్నాడు. డ్రైవరన్న ఒక రేకు ముక్క తీసుకుని తనే గీకేశాడు. నేనూ గీకబోతే వద్దన్నాడు. ఎర్ర రంగు పొట్టు రాలి అతని చేతులకంటింది. కుళాయి దగ్గర ఎంతసేపు కడుక్కున్నాడో.

రెండు సీసాల రక్తం ల్యాబుకు మధ్యాహ్నం దాటాక చేరింది. పొడి మందు, ఐసు ఉన్నాయి కాబట్టి పాడవలేదు. ముసలమ్మకు షుగర్ ఎక్కువే ఉంది. రిపోర్టు మరునాడు కోడలికి ఇచ్చాను.

తర్వాత వారం ల్యాబులో మళ్ళీ అందరం కూర్చున్నాం. సారు కాగితం, కలం ముందు పెట్టుకున్నారు. పెయింటరు, ఎరుపు తన పెట్టెలోనే ఉండనీ అన్నాడు. రక్తం అనే మాట వద్దని నేనన్నాను. అది లేకుండా ఎలా తెలుస్తుందని సారు అడిగారు. నాకు బస్సు దిగి మెట్ల మీద కూలబడే ముసలివాళ్ళు గుర్తొచ్చారు. "పరగడుపున బస్సెక్కకండి. మేమే వస్తాం" అన్నాను. పెయింటరు వేళ్ళతో జాగా కొలిచి పడుతుందన్నాడు. పచ్చ రంగులో, ల్యాబు పేరు పైన, ఈ మాటలు కింద, బురద పడినా పేరు పోకుండా రాయాలనుకున్నాం.

డ్రైవరన్న మాత్రం తన ఆటో మీద ఏమీ రాయనివ్వలేదు.

"గది మంచి మాటనే సారు. నా బండికి మాత్రం వద్దు" అన్నాడు.

ఎవరూ బలవంతం చేయలేదు. ఆ మాటలు వేరే ఆటోల మీదికెక్కాయి, తర్వాత మిర్యాలగూడకూ కోదాడకూ పోయాయి. కోదాడ పెయింటరు "ఎక్కకండి"ని సాగదీసి "ఎక్కకండీ" అని రాశాడు. కోస్తా పక్కనే కాబట్టి అక్కడ అది బాగానే కుదిరింది.

కోదాడ శాఖలో కొన్నాళ్ళు నేనే చేశాను. ఒకరోజు ఒకాయన ఇంటికి రమ్మని ఫోన్ చేసి, ఆటో మలుపు దగ్గరే ఆపి నడిచి రమ్మన్నాడు. గొంతు గుర్తుపట్టలేదు. తలుపు తీశాక తెలిసింది, ఆ కాంట్రాక్టరే. ఊళ్ళో పొలం అమ్మేసి అక్కడికి మారాడట. అతనూ నన్ను గుర్తుపట్టాడు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. చెయ్యి చాపి ముఖం అటు తిప్పుకున్నాడు. సూది గుచ్చేముందు చెప్పనా అని అడిగాను.

"చెప్పమ్మా. చెప్పే గుచ్చు" అన్నాడు.

చెప్పాను. చెప్పి గుచ్చాను.