కేఫ్‌కు మొదటి మనిషి కావాలని రాసిన ప్రకటన

బొగ్గు కంపెనీ ఆఫీసులో నోటీసులు రాసే గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఏ నోటీసులోనైనా మూడు సంగతులు ఉండాలని నా నమ్మకం: ఎవరికి, ఎప్పటి నుంచి, ఎంత. ఈ మూడూ లేని కాగితం గోడకు అంటిస్తే గోడ పాడవుతుంది తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. ఇప్పుడు నేను రాసేది నా డైరీ ఒక్కటే. అందులో కూడా ఇదే పద్ధతి.

గోదావరిఖనిలో మా కాలనీ మూలమలుపు దగ్గర ఒక చిన్న కేఫ్ ఉంది. నాలుగు టేబుళ్లు, ఒక గాజు బీరువా, దాని నిండా ఉస్మానియా బిస్కెట్లు, ఎగ్ పఫ్‌లు. పొద్దున ఇడ్లీ కూడా ఉంటుంది. నడిపేది మా సందులోని అమ్మాయి. అమ్మాయి అంటే ముప్పై అయిదు దాటిన మనిషే. నన్ను పెద్దబాపూ అంటుంది, చుట్టరికం ఏమీ లేదు. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు ఆమె చాయ్ తాగి పోతారు. నేను వాకింగ్ ముగించుకుని గోడవైపు టేబుల్ దగ్గర కూర్చుంటాను.

రెండేళ్లు ఒక్కతే నడిపింది. ఆ తర్వాత కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజానికి పైన లేవదు. పాలగిన్నె దించాలంటే ఎడమ చేత్తో దించి, కాసేపు కళ్లు మూసుకుని నిలబడేది. బరువు మొయ్యొద్దని డాక్టరు చెప్పాడు. ఆటో నడిపే ఆమె భర్త ఇంకా తేలికైన వైద్యం చెప్పాడు.

“దసరా దాక చూస్త మామా,” అన్నాడు నాతో, ఆమె వింటుండగానే. “మనిషి దొరికితె మంచిది. దొరక్కపోతె షట్టర్ దించుడే. గీ చెయ్యి పోతె రేపు ఇంట్ల బువ్వ ఎవలు వండుతరు?”

“నువ్వు వండు,” అంది ఆమె.

“గందుకే దసరా దాక ఆగుతున్న,” అన్నాడు అతను.

మరునాడు ఆమె ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది. “పెద్దబాపూ, నువ్వు కంపెనీల నోటీసులు రాసినవ్ గదా. నాకొకటి రాసియ్యి. కేఫ్‌ల పనికి మనిషి కావాలె, జీతం మంచిగుంటది. గంతే.”

“మంచిగ అంటే ఎంత?”

“వచ్చినోళ్లతోని మాట్లాడుకుంటం.”

“ఎన్ని గంటల నుంచి?”

“పొద్దుగాల్నుంచి.”

“ఎప్పటి దాక?”

“పని అయిపోయేదాక.”

నేను పెన్ను మూత పెట్టేశాను. అది చూసి ఆమె ఎదురుగా కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం వరకు మా ఇద్దరికీ అదే పని. జీతం గోడ మీద రాస్తే పక్క హోటళ్లవాళ్లు కొట్లాటకు వస్తారని ఆమె భయం. రాయకపోతే ప్రతి ఒక్కరూ లోపలికి వచ్చి, చాయ్ తాగి, జీతం విని వెళ్లిపోతారని నా వాదన. నెలకు పన్నెండు వేలు ఇవ్వగలనని చివరికి చెప్పింది. వారానికి ఒక సెలవు అన్నప్పుడు మాత్రం ఆమె ముఖం మారింది.

“నాకే లేదు సెలవు.”

“నీకు నోటీసు ఎవరు రాశారు?” అన్నాను.

సోమవారం సెలవని ఒప్పుకుంది.

ఆ కాగితాన్ని జిరాక్స్ సెంటర్లో టైపు చేయించాను. పైన ‘నోటిఫికేషన్’ అని పెట్టించి, కింద గీత కొట్టించాను. ‘విషయం’ అని ఒక వరుస, ‘ఖాళీల సంఖ్య: ఒకటి’ అని ఒక వరుస. చివర్లో ‘ఆసక్తి గలవారు స్వయంగా హాజరు కావలెను’. నలభై ఏళ్లు అట్లాగే రాశాను. నోటీసుకు వేరే రూపం ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. కేఫ్ స్తంభానికి ఒకటి, బస్ స్టాపులో ఒకటి, కాలనీలో అందరూ నోటీసులు అంటించే బోర్డుకు ఒకటి అంటించాను.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి కేఫ్ ముందు మనుషులు వరుసలో నిలబడి ఉన్నారు. చాయ్ కోసం కాదు. ప్రతి చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ ఉంది.

మొదటివాడికి నలభై ఏళ్లు ఉంటాయి. ఫోల్డర్ విప్పి కౌంటర్ మీద పరిచాడు. “ఐటీఐ ఫిట్టర్ చేసిన మేడమ్. అప్రెంటిస్ గూడ అయింది. ఒరిజినల్స్ ఇప్పుడియ్యాల్నా, జిరాక్స్ సాలునా?”

“నాకు గ్లాసులు కడగాలె అన్నా,” అంది ఆమె.

“గది సరే మేడమ్. పర్మనెంటా, కాంట్రాక్టా?”

అతని వెనకాయన క్వార్టర్ ఇస్తారా అని అడిగాడు. మూడో ఆమె బిడ్డ తరఫున వచ్చింది, రెండు పాస్‌పోర్టు ఫొటోలు తెచ్చింది. బిడ్డ ఏదని అడిగితే, పరీక్ష ఉంటే తీసుకొస్తానంది. మధ్యాహ్నం యూనియన్‌లో తిరిగే ఒకాయన వచ్చి, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గంభీరంగా అన్నాడు: “గనులకు భూమి పోయినోళ్లకు ముందుగాల ఇయ్యాలె గదమ్మా. గా సంగతి గీ నోటిఫికేషన్‌ల రాయలే.”

“ఎవల భూమి పోయిందే కాకా? గీ నాలుగు టేబుళ్ల కింద ఎవల భూమి లేదు,” అంది ఆమె.

“రూల్ చెప్తున్న,” అన్నాడు ఆయన. చాయ్ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

బొగ్గు ఊళ్లో అచ్చులో ఉన్న కాగితం చూస్తే ఎవరికైనా కంపెనీయే గుర్తుకొస్తుంది. గీత కొట్టిన శీర్షిక చూసి ఫోల్డరు తీయకుండా ఉండటం ఇక్కడివాళ్ల వల్ల కాదు. గ్లాసులు కడగాలి, టేబుళ్లు తుడవాలి అన్న వరుస కూడా వాళ్లు చదివారు. కానీ అది ఉద్యోగంలో చేరేదాకా ఉండే మాట అనుకున్నారు. వారం గడిచింది, పదిరోజులు గడిచాయి. కౌంటర్ మీద జిరాక్సులు పేరుకున్నాయి, బిస్కెట్లు పొట్లాలు కట్టడానికి పనికొస్తాయని ఆమె భర్త అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ రోజు ఎడమ చేయి కూడా నొప్పిగా ఉందని నాతో మెల్లగా చెప్పింది.

సంగతి తెలిసింది ఇడ్లీ పిండి తెచ్చిచ్చే ఆమె వల్ల. పిండి డబ్బా దించి, స్తంభం వైపు చూసి అంది: “గీ కాగితం నీదేనా చెల్లె? మా ఆడిబిడ్డ బస్ స్టాప్‌ల సదివిందట. పని మంచిగనే ఉన్నది గని, సర్టిఫికెట్లు అడుగుతరేమో అని మళ్లిపోయింది.”

“ఏం పని జేస్తది మీ ఆడిబిడ్డ?”

“ఫంక్షన్ హాల్‌ల గిన్నెలు తోముతది. ఇప్పుడు ఆషాఢం గదా, లగ్గాలు లెవ్వు. ఖాళీగ కూసున్నది.”

అమ్మాయి నా వైపు చూసింది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

ఆ మధ్యాహ్నం కాగితం మళ్లీ రాశాను. ఈసారి టైపు చేయించలేదు. ఆమె అట్ట ముక్క తెచ్చింది, నేను లావు స్కెచ్ పెన్నుతో రాశాను. శీర్షిక, విషయం, గీత తీసేశాను. పని, గంటలు, జీతం మాత్రం అక్షరం తీయనివ్వలేదు.

*ఈ కేఫ్‌లో పనికి ఒకరు కావాలి. ఆడవాళ్లయినా మగవాళ్లయినా సరే. చదువు, సర్టిఫికెట్లు అవసరం లేదు. పని: గ్లాసులు, ప్లేట్లు కడగడం, టేబుళ్లు తుడవడం, చాయ్ టిఫిన్ అందించడం, పాలగిన్నె దించడం. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు, మధ్యలో తినడానికి అరగంట. సోమవారం సెలవు. నెలకు పన్నెండు వేలు, ఒకటో తారీఖున. పొద్దున టిఫిన్, చాయ్ కేఫ్‌లోనే. ఇంతకు ముందు ఇక్కడ ఎవరూ పని చేయలేదు, కాబట్టి మొదటి నెల మేమూ నేర్చుకుంటాం. లోపలికి వచ్చి అడగండి.*

చివరి వాక్యానికి ముందుది ఆమె చెప్పింది. నోటీసులో అట్లాంటి మాటలు ఉండవన్నాను. ఉంటాయంది. అట్టను స్తంభానికి పాత కాగితం మీదే కట్టాం.

పిండి ఆమె ఆడబిడ్డ మరునాడే వచ్చింది. యాభైకి దగ్గర మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. అట్టను రెండుసార్లు చదివి అడిగింది: “రెండు గంటలంటె రెండు గంటలకేనా?”

“రాసిన గద అక్కా.”

“రాసుడు అందరు రాస్తరు చెల్లె. ఫంక్షన్ హాల్‌ల గూడ సాయంత్రం దాక అంటరు. అన్ని గిన్నెలు ఒడిసేదాక వాళ్లకు సాయంత్రమే కాదు.”

అయినా మంగళవారం నుంచి వస్తానంది. వచ్చింది. పాలగిన్నెను ఒక్క ఊపున దించింది. ఆ వారమంతా అమ్మాయి కుడి చేయి కొంగు చాటున పెట్టుకుని చాయ్ మాత్రం పోసింది.

చిక్కు ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం రెండు కావస్తుండగా వేములవాడ నుంచి మంచిర్యాలకు తిరిగిపోయే బస్సు ఒకటి మలుపు దగ్గర ఆగింది. గుండ్లు కొట్టించుకున్న పిల్లలు, పెద్దలు, ముసలివాళ్లు అందరూ కేఫ్‌లోకే దిగారు. అంత గిరాకీ అక్కడ నేను ఎప్పుడూ చూడలేదు. ఆ అక్క గోడ గడియారం వైపు చూసింది. చెయ్యి తుడుచుకోలేదు. ఎట్లాగూ ఆపుతారన్నట్టు మరో గ్లాసు అందుకుంది. అమ్మాయి కూడా గడియారం చూసింది. ఆ ఒక్క పూట ఉండమంటే ఆ అక్క ఉండేది. మంగళవారం వచ్చేది కాదు, అంతే.

“రెండయింది అక్కా. నువ్వు పో,” అంది అమ్మాయి.

“గింతమంది ఉన్నరు గదా.”

“నేను సూసుకుంట. పో.”

ఆ అక్క గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయింది. గాజు గ్లాసులు పక్కన పెట్టి పేపర్ కప్పులు తీశాం. ట్రే పట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఒక గుండు పెద్దాయన కప్పు తీసుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“తాతా, గీ ఏజ్‌ల గూడ పని జేస్తున్నవా? ఎంత ఇస్తరు?”

“గా స్తంభానికి రాసుంది, చదువుకో,” అన్నాను.

ఆయన నిజంగానే పోయి చదివాడు. తిరిగొచ్చి, “మంచిగనే ఉన్నది,” అన్నాడు.

సోమవారం కేఫ్ అమ్మాయి ఒక్కతే నడిపింది. మంగళవారం నేను వాకింగ్ మధ్యలోనే ఆపేసి వచ్చాను. ఇంకా వెలుగు రాలేదు. షట్టర్ ముందు మెట్టు మీద ఆ అక్క కూర్చుని ఉంది. కాసేపటికి అమ్మాయి వచ్చి, తాళం తీసి, ఎడమ చేత్తో షట్టర్ ఎత్తబోయింది. సగంలో ఆగిపోయింది.

“జర పక్కకు జరుగు,” అంటూ ఆ అక్క లేచి, షట్టర్ పైకి నెట్టింది. “గీ చెయ్యితోని రోజు గిట్ల లేపుతున్నవా? తాళం నాకియ్యి. నేనే తీస్త.”

షట్టర్ తీయడం చెప్పిన పనుల్లో లేదని నేను గుర్తు చేశాను. రాసినవాడిగా చెప్పక తప్పదు.

ఆ అక్క నా వైపు కాకుండా అమ్మాయి వైపు చూసి అంది: “లేకుంటె ఏమాయె. పావుగంట ముందు వస్త, పావుగంట ముందు పోత. గట్ల రాయమను ఈయనను.”

“రాయి పెద్దబాపూ,” అంది అమ్మాయి. తాళంచెవి తీగ నుంచి విప్పి ఆమె చేతిలో పెట్టి, పాలు కాచడానికి లోపలికి పోయింది.