మైకు అక్క క్షమాపణ

ఆ క్లినిక్‌లో మైకు లేదు, అవసరం కూడా లేదు. కౌంటర్ వెనక కూర్చునే ఆవిడ నోరు విప్పితే హాల్లో చివరి కుర్చీలో కునుకు తీస్తున్న ముసలాయన కూడా ఉలిక్కిపడి లేచేవాడు. అందుకే ఆవిడ అందరికీ మైకు అక్క అయింది. ఎదుటే అలా పిలిచినా కోపగించుకునేది కాదు, పైగా మురిసిపోయేది.

గొంతుతో పాటు ఆవిడకు ఇంకో అలవాటు ఉండేది. పేరు, జబ్బు, మందులు అన్నీ పేషెంటుకు ఒకసారి పైకి చదివి వినిపించేది. ఎప్పుడో ఒకరి మందులు ఇంకొకరి చేతిలో పడి గొడవైనప్పుడు పట్టుకున్న పద్ధతి అది. అప్పటినుంచి మందు మారలేదు. మారనందుకు గర్వపడింది కానీ, చదువుతున్నప్పుడు వెనక కూర్చున్నవాళ్లకు చెవులుంటాయని ఆలోచించలేదు. ఆవిడేమిటి, మనలో ఎవరు ఆలోచించాం? పక్కవాడి జబ్బు తెలిస్తే మనకూ కాస్త కాలక్షేపమే కదా!

ఒకరోజు పొద్దున్న డాక్టరుగారు ఫోను పట్టుకుని ఊగిపోతూ బయటికి వచ్చారు. ఇంటర్నెట్‌లో క్లినిక్ పేజీలో ఎవరో అయిదుకి ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి రివ్యూ రాశారు. పేరు ఉండాల్సిన చోట 'వానచినుకు' అని ఉంది. "డాక్టరు మంచివారే. కానీ కౌంటర్‌లో నా మందుల సంగతి నలుగురి ముందు చదివారు. మెల్లగా చెప్పండి అంటే, 'ఇందులో సిగ్గేముందమ్మా' అని ఇంకా గట్టిగా అన్నారు. ఆ రోజు మందులు పట్టుకుని బయటికి ఎలా నడిచానో నాకే తెలియదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మైకు అక్క వెంటనే చీరకొంగు సర్దుకుంది. ఆ మాట అన్నది తనే. ఎవరితో అన్నదో కూడా గుర్తొచ్చింది. పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో ఆయాగా పనిచేసే అమ్మాయి. పుట్టిన బిడ్డ పోయాక తిండీ నిద్రా మానేసి, డాక్టరుగారిచ్చే దిగులు మందుల మీద మెల్లగా తేరుకుంటోంది.

"ఎవరో నాకు తెలుసు, ఆ రోజు నీ గొంతు నా గదిలోకీ వినపడింది! ఏ జబ్బుతో వచ్చిందో, ఎలా బాగుచేశామో అంతా రాసి పడేస్తాను. జనమే తేలుస్తారు" అన్నారు డాక్టరుగారు.

ఆయన భార్యే క్లినిక్ మేనేజరు. ఆయన చేతిలోంచి ఫోను మెత్తగా లాక్కుంది. "రాయండి. కౌంటర్‌లో నలుగురు విన్నది ఇప్పుడు ఊరంతా చదువుతుంది. ఆవిడ మన పేషెంటు అని ఒప్పుకున్నా తప్పే, కాదన్నా తప్పే. ఎవరినైనా సరే, ఇక్కడికి వచ్చారో లేదో కూడా మనం బయట చెప్పకూడదు."

"అయితే నోరుమూసుకు కూర్చోవాలా?"

"కూర్చోనక్కర్లేదు. మర్యాదగా లోపలికి పిలవాలి."

ఆవిడ చెబుతుంటే మైకు అక్క టైప్ చేసింది. "మీ అభిప్రాయం రాసినందుకు ధన్యవాదాలు. ఎవరి వైద్యం గురించీ, ఎవరైనా మా దగ్గరికి వచ్చారా లేదా అన్నదాని గురించీ ఇక్కడ మాట్లాడలేము. గోప్యత విషయంలో వచ్చే ప్రతి ఫిర్యాదునూ మేము గట్టిగా పట్టించుకుంటాం. దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేసి మేనేజరుతో విడిగా మాట్లాడండి."

నంబరు దగ్గర మైకు అక్క ఆగలేదు. చేతికి అలవాటైన కౌంటర్ నంబరే కొట్టింది. మేనేజరమ్మ అక్షరం అక్షరం చదివింది కానీ అంకెలు చూడలేదు. క్లినిక్ నంబరు క్లినిక్ నంబరే కదా అనుకున్నారిద్దరూ. ఆ ఫోను మోగేది హాలు నడిబొడ్డున, ఇరవై చెవుల మధ్య.

ఆ రాత్రి మైకు అక్కకు నిద్ర పట్టలేదు. ఎవరి మీదైనా అరవడం తెలుసు గానీ, తప్పయిందని చెప్పడం ఆవిడకు చేతకాదు. మొగుడితో కూడా ఎన్నడూ అనలేదు. ఈ పిల్లకు మాత్రం చెప్పాలి అనుకుంది. మనసులో పదిసార్లు అనుకుని చూసుకుంది కూడా.

మర్నాడు హాలు నిండా జనం ఉన్నప్పుడు ఫోను మోగింది. మేనేజరమ్మ బ్యాంకు పని మీద బయటికి వెళ్లింది.

"నేను... ఆ రివ్యూ రాసినదాన్నండీ. మేనేజరుగారు ఉన్నారా?" అంది అవతలి గొంతు, వినీ వినపడకుండా.

లేరు, వచ్చాక ఫోన్ చేయిస్తాను అనాల్సింది. ఆ ఒక్క మాట చాలు. కానీ మైకు అక్క గుండె అప్పటికే పొంగి గొంతులోకి వచ్చేసింది.

"నువ్వేనా తల్లీ! నేనే, కౌంటర్ అక్కని. తప్పు నాదేనమ్మా, నన్ను క్షమించు. బిడ్డ పోయిన దుఃఖంలో నువ్వు దిగులు మందులకొస్తే అలా అరవడం నాది బుద్ధి తక్కువ. ఆ క్రెష్‌లో అంతమంది పిల్లల్ని కళ్లలో పెట్టుకుని చూస్తావు, నీకా ఈ అవమానం? ఏడవకు తల్లీ!"

నిజంగా మనసారా అన్నది. కళ్లు తుడుచుకుంటూ అన్నది. పూర్తి గొంతుతో అన్నది.

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడైంది. ఇటువైపు హాల్లో తలలన్నీ కౌంటర్ వైపు తిరిగాయి. చెవిపోటుతో ఉన్న పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకున్న తల్లి లేచి కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"క్రెష్ ఆయా అంటే, ఇక్కడ సందు చివర క్రెష్‌లోనా? మా పాప అక్కడికే వెళ్తుంది. ఆవిడకు మతి సరిగా లేదా?"

"నాకేం తెలీదమ్మా. నేను ఎవరి గురించీ మాట్లాడలేదు" అంది మైకు అక్క. జీవితంలో మొదటిసారి మెల్లగా అన్నది. పెదవి దాటితే పృథ్వి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఆ తల్లి అప్పటికే ఫోనులో ఎవరికో రాస్తోంది.

మేనేజరమ్మ తిరిగొచ్చి విని, తల పట్టుకుని కూలబడింది. ముందుగా క్లినిక్ పేజీలోని ఆ నంబరు తీసేసి, తన గదిలో మోగే నంబరు పెట్టింది. తర్వాత ఆ అమ్మాయికి స్వయంగా ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పింది. తప్పు క్లినిక్‌దేనని, పైవాళ్లకు ఫిర్యాదు చేసుకునే హక్కు ఉందని, ఎక్కడ చేయాలో కూడా చెప్పింది. అమ్మాయి "సరేనండి" అని మాత్రం అంది.

వారం తిరక్కుండా క్రెష్‌లో ఆమెను మానిపించేశారని తెలిసింది. పిల్లల తల్లులు కొందరు భయపడ్డారట. భయం దేనికో వాళ్లకూ తెలియదు. మందులు వేసుకునే మనిషిని చూసి భయపడేవాళ్లు, మందులు మానేసినవాళ్లను చూడలేదు కాబోలు.

"నేను క్రెష్‌కి వెళ్లి కాళ్లు పట్టుకుంటానమ్మా. ఆ పిల్ల బంగారం అని చెప్తాను" అంది మైకు అక్క.

"ఏమని మొదలుపెడతావు? ఆవిడ మా పేషెంటు అనేగా? ఆవిడ అడగకుండా మనం నోరు విప్పితే అది మళ్లీ అదే తప్పు" అంది మేనేజరమ్మ.

అంతే. చేసిన తప్పు దిద్దుకోవడానికి మైకు అక్క దగ్గర ఉన్నది గొంతొక్కటే. ఆ గొంతు ఇక పనికిరాదు.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి తన కాగితాల నకళ్లు తీసుకోవడానికి వచ్చింది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తుందట. చిక్కిపోయింది. హాల్లో ఓ మూల కూర్చుంది. ఆమె పక్కనే ఓ పెద్దాయన క్లినిక్ పేజీ తెరిచి, భార్యకు చూపిస్తున్నాడు. "చూడు, తిట్టినవాళ్లకి కూడా ఎంత మర్యాదగా జవాబిచ్చారో! గోప్యతంటే ఇలా ఉండాలి. మంచి చోటికే వచ్చాం."

అమ్మాయి ఆ మాట విన్నది.

కాగితాలు సిద్ధమయ్యాయి. మైకు అక్క కౌంటర్ దాటి, హాలంతా నడిచి, ఆ అమ్మాయి దగ్గర వంగి, గాలి కూడా వినకూడదన్నంత మెల్లగా, "రా తల్లీ, లోపల గదిలో ఇస్తాను" అంది.

అమ్మాయి ఆవిడ ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, బాగా అలసిపోయిన మనిషి చూసినట్టు.

"ఇంకెందుకక్కా మెల్లగా? అక్కడినుంచే పిలవాల్సింది. ఇప్పుడు వినకూడనివాళ్లు ఎవరూ మిగల్లేదు."

కాగితాలు అక్కడే అందుకుని వెళ్లిపోయింది. మైకు అక్క తిరిగి కౌంటర్‌లో కూర్చుంది. తర్వాతి పేరు పిలవాలి. పిలిచింది, కానీ ఎవరికీ వినపడలేదు.