సంతకానికి ముందు నెత్తళ్ళు

ఇల్లు అద్దెకు తీసుకునే ముందు అందరూ నీళ్ళు వస్తాయా అని అడుగుతారు. మార్కాపురంలో అది అడగక తప్పదు. నేను మాత్రం మొదట వంటింటి గురించి అడిగాను.

అంతకు ముందున్న ఇంట్లో ఏమీ అడక్కుండా సంతకం పెట్టాను. నెల తిరక్కముందే ఆ ఓనరు, "ఎండు చేపల వాసన మా దేవుడి గదిలోకి వస్తా ఉంది" అన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళూ ఓనరు వాళ్ళు ఊరికి వెళ్ళిన రోజు చూసుకునే మా అమ్మ నెత్తళ్ళు వండింది. నాయన పోయాక తర్లుపాడు నుంచి నా దగ్గరికి వచ్చిన మనిషి. బతుకంతా కూలికి పోయి వచ్చి, సంగటిలోకి ఆ ఎండు నెత్తళ్ళ పులుసే తిన్నది. నేను ఆసుపత్రిలో నర్సును. రోగులు ఏం తినాలో నేను చెప్తాను, మా అమ్మ ఏం తినాలో ఓనరు చెప్పాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకే ఈసారి అన్నీ అడిగాకే సంతకం పెడతానన్నాను.

"అడిగితే ఈ ఇల్లూ పోతాది. గమ్మునుండు" అంది అమ్మ.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు."

"నేనెప్పుడు పెట్టలేదు నీకు?" అంది.

కొత్త ఇంటి ఓనరు రిటైరైన సైన్సు టీచరు. కింద ఆమె, ఆమె భర్త. పైపోర్షన్ మాకు. అగ్రిమెంటు టైపు చేయించి టీపాయ్ మీద పెట్టింది. నేను పెన్ను ముట్టుకోలేదు.

"పెద్దమ్మా, వంట విషయంలో మీకేమన్నా పట్టింపులుంటే ముందే చెప్పండి. మేం నీచు వండుకుంటాం."

"నీచు మేమూ తింటాం. శనివారం మాత్రం తినం. ఆ ఒక్కరోజు మీరూ వండొద్దు."

"సరే. చేపలు కడిగిన నీళ్ళో?"

"సింకులో పోయొద్దు, పైపు సన్నది. బక్కెట్లో పట్టి కొబ్బరిచెట్టు మొదట్లో పొయ్యి."

"మిద్దె మీద చేపలు ఎండబెట్టుకోవచ్చా?"

"వద్దు. పిల్లులొస్తాయి."

"మరి ఎండు నెత్తళ్ళు వండుకోవచ్చా?"

ఆమె భర్త చదువుతున్న పేపరు దించి నన్ను చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆమె అగ్రిమెంటు పక్కకు జరిపింది.

"వాసన ఎంత వస్తాదో తెలీకుండా సరే అనలేను, వద్దనీ అనలేను. రేపు తెచ్చి పైన వండండి. మేం కింద కూర్చోని చూస్తాం. అప్పుడు రాసుకుందాం."

మర్నాడు బుధవారం, నాకు సెలవు. గ్యాసు పొయ్యి, పెనం, పావుకిలో నెత్తళ్ళు పట్టుకుని వెళ్ళాం. అమ్మను పైన వదిలి నేను కింద హాల్లో వాళ్ళతో కూర్చున్నాను. ముగ్గురం వాసన కోసం ఎదురుచూశాం. పావుగంట గడిచింది.

"ఏం రాలేదే" అంది ఆమె. "ఇంతేనా? దీనికి ఇంత భయపడినావా?"

పెన్ను మూత తీసింది. నేను నోరు మూసుకుంటే ఇల్లు మాదే. కానీ నెత్తళ్ళు వేయిస్తే వీధి చివరిదాకా తెలియాలి. సంతకం పెట్టాక తెలిస్తే మళ్ళీ పాత కథే.

"ఒక్క నిమిషం పెద్దమ్మా" అని మెట్లెక్కాను. ఆమె కూడా నా వెనకే వచ్చింది.

తలుపు కింది సందులో తడి తువ్వాలు కుక్కి ఉంది. నెట్టుకుని లోపలికి వెళ్ళాం. వంటింటి కిటికీలు రెండూ గడియలు బిగించి ఉన్నాయి. పొగ మధ్య అమ్మ గొంతుకూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ పెనం కలుపుతోంది.

"కిటికీలెందుకు మూసినావు?" అన్నాను.

అమ్మ తలెత్తి కిటికీల వైపు చూసింది.

"నేను మూసినానా?" అంది.

అందులో మోసం లేదు. పాత ఇంట్లో అన్నీ మూసుకుని వండి వండి, మూడేళ్ళలో చేతులకు అలవాటైపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పొగలో ఎవరూ కనిపెట్టలేదు.

టీచరమ్మ వెళ్ళి రెండు కిటికీలూ తెరిచింది.

"అక్కా, ఇట్ల వండితే నాకేం తెలుస్తాది? మిగిలినవి మళ్ళీ వేయించు" అంది.

మళ్ళీ కిందికి వచ్చి కూర్చున్నాం. రెండు నిమిషాలకు ఆమె భర్త పేపరు మడిచి, చెప్పులేసుకుని, గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం కదల్లేదు.

"వస్తా ఉంది" అంది. ఇంకోసారి గాలి పీల్చి, "బాగానే వస్తా ఉంది."

నేను వెళ్ళడానికి సంచీ దగ్గరికి లాక్కున్నాను. ఆమె అగ్రిమెంటు లాక్కుని, కింద ఖాళీలో చేత్తో రాయడం మొదలుపెట్టింది. శనివారం సంగతి, చేపల నీళ్ళ సంగతి, పిల్లుల సంగతి రాసింది. అమ్మ కిందికి వచ్చేసరికి చివరిది రాస్తోంది. నన్ను పైకి చదవమంది.

"ఎండు చేపలు వండేముందు కింద తెలియజేయవలెను. వండునప్పుడు కిటికీలు మూయరాదు."

"ముందే చెప్తే మా ఆయన బజారుకు పోయొస్తాడు" అంది ఆమె.

అమ్మ చివరి ముక్క మళ్ళీ చదవమంది. చదివాను.

"మూస్తేనో?" అని అడిగింది.

"మూస్తే ఇల్లు ఖాళీ చేయాల అక్కా" అంది ఓనరు.

నేను సంతకం పెట్టి తలెత్తేసరికి అమ్మ కుర్చీలో లేదు. కిటికీలు తెరిచే ఉన్నాయో లేదో చూడ్డానికి పైకి వెళ్ళింది.