సెకనున్నర మౌనం

పెన్నాగరం బస్సు డ్రైవర్లకు ఒక మనవి. దయచేసి మా మేనత్త ఇంటి మలుపులో హారన్ కొట్టకండి. నా రికార్డింగుల్లో సగం మీరే మాట్లాడుతున్నారు.

ఇళ్లలో ఎవరి మాట తర్వాత ఎవరు ఎట్లా అందుకుంటారన్నది నా పరిశోధన. అందుకోసం తమిళనాడు ధర్మపురిలో అత్త ఇంట్లో నాలుగు నెలలుగా ఉంటున్నాను. మొన్న, వచ్చిన మొదటి రోజు చేసిన రికార్డింగును బయటికి తీసి, మౌనాలను కొలుస్తూ రాసుకున్నాను.

"అత్తా, ఆరు నెలలు ఈడనే ఉండేదా?" అని అడిగింది నేను. సెకనున్నర మౌనం.

"ఆఁ?" అంది అత్త.

వినపడలేదేమోనని అదే మాట గట్టిగా అడిగాను. మళ్లీ మౌనం.

"ఉండచ్చు... ఇల్లు చిన్నదే కదప్పా."

సరేననేవాళ్లు సాధారణంగా వెంటనే అనేస్తారు. వద్దనేవాళ్లే ఆలస్యం చేసి, మళ్లీ అడిగించుకుని, చివర్లో ఒక కారణం చెబుతారు. ఇది నేను కాలేజీలో చెప్పే పాఠమే. ఆ రోజు మాత్రం పెట్టెలు దించే పనిలో ఉన్నాను.

ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, సంగటి కెలుకుతున్న అత్తకు వినిపించాను.

"అత్తా, నువ్వు ఆ పొద్దు వద్దన్నావా?"

ఈసారి కొలవడానికి మౌనమే దొరకలేదు.

"నాలుగు నెలలకు తెలిసిందా అప్పా? సరే, ఎప్పుడు పోతావు?"