కుండ మీద టేకు మూత

ఎనభైల మొదట్లో తిరుపతి కాలేజీలో నేను చేసిన పరిశోధన చెట్ల వలయాల మీద. టేకు చెట్టు ఏటా ఒక వలయం వేసుకుంటుంది. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా ఉంటుంది, కరువు ఏడు సన్నగా ఉంటుంది. వానల లెక్కలు రాసే మనిషే లేని కాలంలో ఇక్కడ ఎలా కురిసిందో ముసలి చెట్టును అడిగి తెలుసుకోవచ్చు. అడవిశాఖ వాళ్లు కొండల్లో కొట్టిన చెట్ల నుంచి ఎనిమిది అడ్డకోత బిళ్లలు నాకు ఇచ్చారు. ఆరు ఎండు వాలులో పెరిగినవి, రెండు వాగు పక్కవి.

అదే గదిలో నాకంటే సీనియర్ ఒకామె ఉండేది. అందరం అక్క అనేవాళ్లం. ఆమెది సముద్రపు బురద. ఓడ మీద వెళ్లిన వాళ్లు బంగాళాఖాతం అడుగులోకి గొట్టం దించి తీసిన బురదలో ఒక ముక్క ఆమె వంతుకు వచ్చింది. దాన్ని సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద ఇసుక రేణువంత గుల్లలను తడి కుంచెతో ఒక్కొక్కటిగా ఏరేది. చల్లటి నీళ్లను ఇష్టపడే జీవుల గుల్లలు ఎక్కడ ఎక్కువ, వెచ్చటి నీళ్లవి ఎక్కడ ఎక్కువ అని లెక్క వేసేది. నెలల తరబడి అదే పని. నేనేమో వారంలో వలయాలు లెక్కపెట్టేసి కాలరు ఎగరేసేవాణ్ణి.

మా ఇద్దరికీ గైడు ఒకరే, మేము సారు అనే ప్రొఫెసరు. రిటైరు కావడానికి ఇంకొక్క ఏడు ఉందాయనకు. ఎండాకాలం సాయంత్రాల్లో మమ్మల్ని రసం అంగడికి తీసుకుపోయి నన్నారి షర్బత్ ఇప్పించేవారు. ఒకసారి అంగడివాడు రంపంపొట్టు దులిపి ఐసు గడ్డ పగలగొడుతుంటే సారు ఒక ముక్క చేతిలోకి తీసుకున్నారు.

"ఈ బుడగలు చూడండప్పా. ధ్రువాల దగ్గర మంచు మీద మంచు పడి గడ్డకట్టేటప్పుడు ఆనాటి గాలి ఇట్లే చిక్కుకుంటుంది. గొట్టంతో ఆ మంచు తీసి బుడగ పగలగొడితే వేల ఏళ్ల నాటి గాలి. ఆక్సిజన్‌లో బరువైనదీ తేలికైనదీ అని రకాలుంటాయి, చలి ఎక్కువైన కాలంలో పడిన మంచులో బరువైనది తక్కువ. తేలికైనదంతా మంచులో చేరిపోతే సముద్రంలో ఏది మిగులుతుంది?"

"బరువైంది సార్. అదే నా గుల్లల్లోకి చేరుతుంది," అంది అక్క.

"చూడు, ధ్రువం మంచుకూ ఈమె బురదకూ చుట్టరికం!" అని మురిసిపోయారాయన. చేతిలో ఐసు కరిగి చొక్కా తడిసింది.

"నా చెట్టు ఏ ఏటికాయేడు చెబుతుంది సార్. అక్క బురద అట్ల చెప్పగలదా?" అన్నాను.

అక్కకు కోపం రాలేదు. "చెప్పలేదబ్బా. అడుగున పురుగులు బురదను కలియబెట్టేస్తాయి. నా చెంచాడు మట్టిలో ఎన్నో వందల ఏళ్లు కలిసి ఉంటాయి. నీ చెట్టేమో పోయిన తాత కాలం దాకా చెప్పి ఆగిపోతుంది. ఎవరి ఎరుక వాళ్లది."

ఆమె మాటలోని మంచితనం అప్పుడు నాకు చేతకానితనంగా కనబడింది.

వలయాలను తాలూకాఫీసు వానల రిజిస్టరుతో సరిచూడాలి. ఈ మధ్య సంవత్సరాలు చక్కగా కలిశాయి. వెనక్కి పోయేకొద్దీ ప్రతి కరువూ నా బిళ్లల్లో ఒక ఏడు ముందే వస్తోంది. నాకు వెంటనే ఒక సమాధానం తోచింది. రిజిస్టరు ఫసలీ లెక్కలో ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, జూలైలో మొదలవుతుంది. దాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చేటప్పుడు ఎవరో పాత గుమాస్తా ఒక ఏడు తప్పి ఉంటాడు. రిజిస్టరులో ఆ పాత ఏళ్లనే ఒక ఏడు వెనక్కి జరిపాను. ఎండు వాలు బిళ్లలన్నీ కలిసిపోయాయి. వాగు పక్క బిళ్లలు రెండూ ఎంతకీ కలవకపోతే, వేళ్ల కింద ఎప్పుడూ నీళ్లున్న చెట్టుకు కరువు సరిగా తెలియదని పక్కన పడేశాను. ఆ మాట పుస్తకాల్లో ఉన్నదే. నాకు కావలసినప్పుడు వాడుకున్నాను. ఒక బిళ్ల మా గదిలోని మంచినీళ్ల కుండకు సరిగ్గా మూతైంది.

హైదరాబాదు సదస్సులో సారు నా పటం చూపించబోతున్నారు. ఉద్యోగంలో ఆయనకు చివరి సదస్సు అది. గూడూరులో చెల్లెలి ఇంట్లో ఒక రోజు ఉండి, మరునాడు సాయంత్రం అక్కడే రైలెక్కుతానని పటం చుట్ట చంకన పెట్టుకుని బయలుదేరారు.

ఆయన పోయిన కాసేపటికి అక్క నీళ్లు తాగడానికి మూత తీసింది. తీసింది తీసినట్టే కిటికీ దగ్గర దాని వలయాలు లెక్కపెడుతూ నిలబడిపోయింది.

"ఒరే అబ్బాయ్, ఈడికి రా. నీ చెట్టుకు జోస్యం తెలుసా? కరువు రాకముందే బక్కచిక్కిపోయిందే! ఈ మూత సూడు, పాత కరువులన్నీ రిజిస్టరు చెప్పిన ఏడే ఉండాయి."

"అది వాగు చెట్టక్కా."

"వాగు ఎండిపోయేంత కరువులు దానికీ తెలుసు. నీ ఎండు చెట్లే ఏదో ఒక ఏడు రెండు వలయాలు వేసినాయేమో. మనకు వానలు రెండు తడవలు గదా."

"నీ బురద నువ్వు చూసుకో అక్కా," అన్నాను.

ఆమె మూత కుండ మీద పెట్టి తన కుంచె దగ్గరికి వెళ్లిపోయింది. నీళ్లు తాగడం మరిచిపోయింది.

మరునాడు పొద్దున ఆమె రాకముందే గదికి వచ్చాను. తప్పు నాది కాదని చూపించాలనే వచ్చాను. నా ముద్దుల బిళ్లను బ్లేడుతో నున్నగా చెక్కి, తడిపి, భూతద్దం పెట్టాను. టేకులో నిజమైన వలయం పెద్ద పెద్ద రంధ్రాల వరసతో మొదలవుతుంది. దాని గీత స్పష్టంగా చుట్టంతా తిరిగి వస్తుంది. ఒక్క గీత మాత్రం అంచు అలికినట్టు ఉంది. వేలితో దాని వెంట పోతే ఆ పక్కకు తిరగ్గానే మాయమైంది. నేను ఒకే వైపు లెక్కపెట్టాను. తక్కిన ఎండు వాలు బిళ్లల్లోనూ అదే ఏడు, అదే దొంగ గీత. ఆ ఏడు ఆగస్టులో వాన మొహం చాటేస్తే చెట్లు పెరగడం ఆపేశాయి. అక్టోబరు తుఫాను వానకు మళ్లీ చిగిర్చాయి. ఒక ఏటిని నేను రెండు చేశాను. వాగు చెట్లకు దప్పిక కాలేదు గనక అవి ఆగలేదు.

పటం మళ్లీ గీసి, మధ్యాహ్నం గూడూరు బస్సెక్కాను. నాయుడుపేటలో బస్సు టైరు మార్చుతున్నంతసేపూ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. తప్పు పటంతో సారు నిలబడితే, చెట్టు కరువును ముందే ఎట్లా పసిగట్టిందని ఎవరో ఒకరు అడుగుతారు. నవ్వుతారు. ఆయన ఆ నవ్వుతో రిటైరవుతారు.

ప్లాట్‌ఫారం మీద సారు నిమ్మకాయల బస్తాల పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నారు. రొప్పుతూ అంతా చెప్పాను. ఆయన కొత్త పటం మోకాళ్ల మీద పరిచి, దొంగ గీత ఉన్న చోట వేలు పెట్టి చాలాసేపు చూశారు.

"పాపం, ఆ గుమాస్తాను ఉత్తపుణ్యానికి తిట్టుకున్నాం గదప్పా. ఎట్ల తెలిసింది?"

"కుండ మూత చెప్పింది సార్."

"మూత తీసి నీళ్లు తాగిందెవరు?"

రైలు వస్తోందని గంట కొట్టారు. ఆ గంట అయ్యేదాకా ఆయన మోకాళ్ల మీది పటం కొసలు సరిచేస్తూ ఉన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి అంతసేపు ఎందుకు పట్టిందో ఇప్పటికీ నాకు బాగా తెలుసు.

"అక్క సార్. తాగలేదు కూడా. నేను విసుక్కున్నాను."

సారు పెన్ను తీసి పటం కింద నా పేరు పక్కన ఆమె పేరు రాశారు. "తాగించు పో," అన్నారు రైలెక్కుతూ.

మరునాడు అక్క వచ్చేసరికి గూడూరు నిమ్మకాయలు కోసి, పంచదార కలిపి గ్లాసు పెట్టాను. మూత బిళ్ల నా బల్ల మీదికి చేరింది. కుండ మీద స్టీలు ప్లేటు ఉంది. ఆమె ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, "ఉప్పెయ్యలేదేమబ్బా?" అంది.

తరువాత మైక్రోస్కోపు ముందు కొంచెం జరిగి, నాకు చోటిచ్చింది. ఆ ఎండాకాలమంతా సాయంత్రాలు ఆమె గుల్లలు ఏరిపెట్టాను. నా చేతికి మొదట్లో సగం పగిలిపోయేవి.